పది శాతం తగ్గితే ఎంత తగ్గుతుంది? లీవరేజ్ లెక్కల్లో ఒక నూలు మిల్లు

అందరికీ నమస్కారం. సాయంత్రం ఆరింటికి లెక్కల క్లాసంటే ఎవరొస్తారులే అనుకున్నాను. వెనక బెంచీలు కూడా నిండాయి. ఫోన్లు లోపల పెట్టేసి కాలిక్యులేటర్లు బయటికి తీయండి.

సూత్రాలు మీకు వచ్చే ఉంటాయి, అందుకని వాటితో మొదలుపెట్టను. ఒక నూలు మిల్లుతో మొదలుపెడతాను. గుంటూరు చుట్టుపక్కల పెరిగినవాణ్ని కాబట్టి ఉదాహరణ అనగానే నాకు పత్తి, నూలే గుర్తొస్తాయి. అయితే ఇది బోర్డు మీది మిల్లు. నిజం మిల్లు ఇంతకంటే చాలా పెద్దది, దాని మార్జిన్ ఇంతకంటే చాలా తక్కువ. లెక్క నోటితో చేయగలగాలని అంకెలు చిన్నవి తీసుకున్నాను.

ఈ మిల్లు ఏడాదికి 1,60,000 కిలోల నూలు అమ్ముతుంది. కిలో ధర 250 రూపాయలు. పత్తి, ప్యాకింగ్, యూనిట్ల మీద వచ్చే కరెంటు చార్జీ, ఇలా కిలో కిలోకీ పెరిగే ఖర్చు 150 రూపాయలు. పర్మనెంటు వర్కర్ల జీతాలు, తరుగుదల, మిల్లు ఆడినా ఆగినా కట్టాల్సిన కరెంటు డిమాండ్ చార్జీలు కలిపి ఏడాదికి 80 లక్షలు. బ్యాంకు వడ్డీ 30 లక్షలు. పన్ను 25 శాతం అనుకుందాం. ఈక్విటీ షేర్లు 3 లక్షలు.

పై నుంచి కిందికి రాసుకుంటూ వద్దాం. అమ్మకాలు 400 లక్షలు. మారే ఖర్చు 240 లక్షలు తీసేస్తే కాంట్రిబ్యూషన్ 160. అందులోంచి స్థిర ఖర్చు 80 పోతే ఈబిట్, అంటే వడ్డీకీ పన్నుకీ ముందు లాభం, 80. వడ్డీ 30 పోతే పన్నుకు ముందు లాభం 50. పన్ను 12.5 పోతే మిగిలేది 37.5 లక్షలు. దాన్ని 3 లక్షల షేర్లకు పంచితే ఈపీఎస్ 12.50 రూపాయలు.

ఇప్పుడు ప్రశ్న. అమ్మకాలు పది శాతం తగ్గితే ఈపీఎస్ ఎంత తగ్గుతుంది?

ముందు బెంచీ నుంచి 32 అని వినిపించింది. సరే, ఎలా వచ్చిందో చూద్దాం. అమ్మింది 1,44,000 కిలోలైతే కాంట్రిబ్యూషన్ 144కి దిగుతుంది, అంటే పది శాతం. కానీ స్థిర ఖర్చు 80 కదలదు కాబట్టి ఈబిట్ 80 నుంచి 64కి పడుతుంది. అది ఇరవై శాతం. కాంట్రిబ్యూషన్‌ని ఈబిట్‌తో భాగిస్తే, 160 బై 80, రెండు. ఇదే డిగ్రీ ఆఫ్ ఆపరేటింగ్ లీవరేజ్. పది శాతాన్ని ఇరవై చేసింది ఆ రెండే.

ఇంకో మెట్టు దిగండి. ఈబిట్ తగ్గిందని బ్యాంకువాళ్లు వడ్డీ తగ్గించరు. 64లోంచి 30 పోతే 34. అంతకుముందు 50. తగ్గుదల 32 శాతం. ఈబిట్‌ని పన్నుకు ముందు లాభంతో భాగిస్తే, 80 బై 50, 1.6. ఇది ఫైనాన్షియల్ లీవరేజ్ డిగ్రీ. ఇరవైని 1.6తో గుణిస్తే 32. రెండు డిగ్రీలనూ గుణిస్తే కంబైన్డ్ లీవరేజ్ 3.2. మధ్యలో ఈబిట్ కొట్టేసుకుపోతుంది కాబట్టి నేరుగా 160 బై 50 చేసినా అదే వస్తుంది. ఈపీఎస్ 8.50. పన్నెండున్నర మీద నాలుగు రూపాయల తగ్గుదల, 32 శాతమే.

ఇందులో పన్ను రేటు ఎక్కడా రాలేదని గమనించారా? 50లోంచీ పావు వంతు పోతుంది, 34లోంచీ పావు వంతే పోతుంది, కాబట్టి శాతం మారదు. పన్ను 30 శాతమైనా డిగ్రీ 1.6గానే ఉంటుంది. ఇది నష్టం రానంతవరకే. నష్టం వచ్చిన ఏడాది ప్రభుత్వం పావు వంతు చేతికివ్వదు, నష్టాన్ని వచ్చే సంవత్సరాలకు మోసుకెళ్లాల్సిందే.

అయితే పన్ను రేటు డిగ్రీలోకి దూరే సందర్భం ఒకటుంది. నేను ఇంటర్ రాసేటప్పుడు బోల్తాపడింది అక్కడే. ఇదే మిల్లుకి 75 లక్షల విలువైన పది శాతం ప్రిఫరెన్స్ షేర్లు కూడా ఉన్నాయనుకోండి. డివిడెండ్ 7.5 లక్షలు. 37.5లోంచి అది పోతే ఈక్విటీకి 30 లక్షలు, ఈపీఎస్ సరిగ్గా 10 రూపాయలు.

డిగ్రీ ఎంత? నేను ఆ రోజు వడ్డీతో పాటు డివిడెండ్‌నీ అలాగే తీసేశాను. 80 బై 42.5, సుమారు 1.88. చూడ్డానికి బాగానే ఉంది. కానీ తప్పు. వడ్డీ పన్నుకు ముందే పోతుంది, ప్రిఫరెన్స్ డివిడెండ్ పన్ను కట్టాక మిగిలిన దాంట్లోంచి పోతుంది. ఆ ఏడున్నర ఇవ్వాలంటే మిల్లు పన్నుకు ముందు పది లక్షలు సంపాదించాలి. 7.5ని 0.75తో భాగించడమంటే అర్థం ఇదే. కాబట్టి హారంలో 80లోంచి 30 పోవాలి, ఇంకో 10 పోవాలి. మిగిలేది 40. డిగ్రీ 2. ఆపరేటింగ్ రెండు, ఫైనాన్షియల్ రెండు, కంబైన్డ్ నాలుగు.

ఏది రైటో తేల్చుకోవడానికి లాభనష్టాల పట్టీ మళ్లీ వేయడం కంటే మంచి దారి లేదు. పది శాతం తక్కువ అమ్మినప్పుడు పన్ను తర్వాత లాభం 25.5. డివిడెండ్ పోతే 18. ఈపీఎస్ 6 రూపాయలు. పది నుంచి ఆరు అంటే నలభై శాతం. నా పాత లెక్కయితే 37.6 దగ్గర ఆగేది. పరీక్షలో రెండు నిమిషాలు మిగిలితే ఈ సరిచూసుకునే పని చేయండి. డిగ్రీ తప్పయితే అక్కడే దొరికిపోతుంది.

ఈ నాలుగుని నేను ఇంకోలా చదువుతాను. వందని నాలుగుతో భాగించండి. పాతిక. అంటే అమ్మకాలు పాతిక శాతం తగ్గితే ఈపీఎస్ సున్నా. చూడండి, 1,20,000 కిలోలకి కాంట్రిబ్యూషన్ 120, ఈబిట్ 40. వడ్డీ 30 పోతే 10, పన్ను రెండున్నర, మిగిలిన ఏడున్నరా ప్రిఫరెన్స్ వాళ్లకి. ఈక్విటీ వాళ్లకి ఏమీ లేదు. ఇదే పద్ధతిలో ఆపరేటింగ్ డిగ్రీ రెండు అంటే అమ్మకాలు సగానికి పడితే ఈబిట్ సున్నా అవుతుందని. మార్జిన్ ఆఫ్ సేఫ్టీ యాభై శాతం అని మీరు కాస్ట్ అకౌంటింగ్‌లో చదివింది ఇదే. అప్పూ ప్రిఫరెన్సూ లేకపోతే యాభై శాతం తట్టుకునే మిల్లు, అవి ఉన్నందుకు ఇరవై అయిదు శాతమే తట్టుకుంటోంది.

నాలుగు అనేది మిల్లుకి పుట్టుమచ్చలాంటిది కాదు. 400 లక్షల అమ్మకాల దగ్గర నిలబడి చూస్తేనే నాలుగు. అమ్మకాలు 360కి వచ్చాక మళ్లీ వేయండి. కాంట్రిబ్యూషన్ 144, హారంలో 64 మైనస్ 40, అంటే 24. డిగ్రీ ఆరు. ఇక్కడి నుంచి ఇంకో పది శాతం పడితే ఈపీఎస్ ఆరు రూపాయల నుంచి 2.40కి, అంటే అరవై శాతం పడుతుంది. మొదటి పది శాతానికి నలభై పోయింది, రెండో పది శాతానికి అరవై. ఇంకా కిందికి పోతే డిగ్రీ విపరీతంగా పెరుగుతుంది. 300 లక్షల దగ్గర హారం సున్నా కాబట్టి డిగ్రీయే ఉండదు. ఆ కింద మైనస్‌లో వస్తుంది. అమ్మకాలు 280 అయితే ఫైనాన్షియల్ డిగ్రీ 32 బై మైనస్ 8, మైనస్ నాలుగు. దాన్ని చూసి ఈబిట్ పెరిగితే ఈపీఎస్ తగ్గుతుందని రాసేవాళ్లున్నారు. అలా కాదు. ఈబిట్ ఇంకా వడ్డీ, ప్రిఫరెన్స్ భారాన్ని దాటలేదని మాత్రమే దానర్థం.

తిరగేసి అడిగే ప్రశ్న గురించి ఒక్క మాట. ఆపరేటింగ్ 2, ఫైనాన్షియల్ 1.6, వడ్డీ 30 లక్షలు, మారే ఖర్చు అమ్మకాల్లో 60 శాతం, ప్రిఫరెన్స్ లేదు, పట్టీ తయారు చేయండి అంటారు. కింది నుంచి పైకి ఎక్కండి. ఈబిట్‌ని ఈబిట్ మైనస్ 30తో భాగిస్తే 1.6 కాబట్టి, 0.6 ఈబిట్ 48కి సమానం, ఈబిట్ 80. దానికి రెండింతలు కాంట్రిబ్యూషన్, 160. అది అమ్మకాల్లో 40 శాతం కాబట్టి అమ్మకాలు 400. మన మిల్లే వచ్చింది. ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడతారు గానీ, రూపాయల్లో ఇచ్చిన అంకె ఏ మెట్టు మీద ఉందో అక్కడే మొదలుపెట్టాలి. ఇక్కడ అది వడ్డీ.

చివరిగా, అమ్మకాలు పది శాతం తగ్గాయన్నాం కదా, ఏం తగ్గింది? ఇప్పటిదాకా కిలోలు తగ్గాయని అనుకుంటూ వచ్చాం. నూలు వ్యాపారంలో కిలోలు అలాగే ఉండి ధర పడిపోయే రోజులు కూడా ఉంటాయి. కిలో 250 కాస్తా 225 అయిందనుకోండి, పత్తి మాత్రం పాత ధరకే కొన్నారు. అమ్మకాలు ఇప్పుడూ 360 లక్షలే. కానీ 1,60,000 కిలోల పత్తీ వాడేశారు కాబట్టి మారే ఖర్చు 240 దగ్గరే ఉంది. కాంట్రిబ్యూషన్ 120. ఈబిట్ 40. వడ్డీ, పన్ను, ప్రిఫరెన్స్ పోయాక ఈపీఎస్ సున్నా.

కిలోలు పది శాతం తగ్గితే ఆరు రూపాయలు మిగిలింది. ధర పది శాతం తగ్గితే ఏమీ మిగల్లేదు. రెండు సందర్భాల్లోనూ అమ్మకాల పద్దులో అంకె ఒకటే. మన సూత్రంలో ఉన్న నాలుగు, ధర పడినప్పుడు పనిచేయదు. ఎందుకంటే ధర తగ్గినప్పుడు ఆ నలభై లక్షలూ నేరుగా కాంట్రిబ్యూషన్‌లోంచే పోతాయి, వెంట తగ్గే ఖర్చు ఏదీ ఉండదు. కిలోలు తగ్గినప్పుడు ఆ నలభైలో ఇరవై నాలుగు లక్షల ఖర్చు కూడా తగ్గింది, మనకు పోయింది పదహారే.

అందుకని జవాబు పత్రంలో డిగ్రీ కట్టాక కింద ఒక వాక్యం రాయండి. మార్పు అమ్మిన పరిమాణంలో వచ్చిందని, కిలో ధర, కిలో ఖర్చు, మొత్తం స్థిర ఖర్చు మారలేదని అనుకున్నాం అని. ఇక ప్రశ్నలు అడగండి. ముందు ఆ మూడో బెంచీ అమ్మాయి, ఇందాకట్నుంచి చెయ్యెత్తి కూర్చుంది.