వదిన తల చుట్టూ సుద్దగీత: థంబ్‌నెయిల్ కటౌట్ గురించి కాసేపు

ముందు స్క్రీన్ మీదున్న ఈ బొమ్మ చూడండి. మా వదిన వంటల యూట్యూబ్ చానల్‌కి నేను చేసిచ్చిన థంబ్‌నెయిల్ ఇది. ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా ఉంది, జుట్టులో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు, వాటికోసమే రెండు గంటలు కూర్చున్నాను మరి. అప్‌లోడ్ అయ్యాక ఫోన్‌లో చూస్తే తల చుట్టూ సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత. "ఏంటి మరిదీ, అప్పుడే నాకు జుట్టు నెరిపించేశావ్?" అని వదినే ఫోన్ చేసింది.

ఆ తెలుపు ఎక్కడిదంటే, గోడది. ఫొటో తెల్లగోడ ముందు తీశాం. జుట్టు అంచున ఉన్న పిక్సెళ్లు అచ్చంగా జుట్టూ కాదు, అచ్చంగా గోడా కాదు, రెండూ కలిసిన బూడిదరంగు. తెల్లగోడ ముందున్నంతసేపూ అది మన కంటికి ఆనదు. మనిషిని కత్తిరించి ముదురు నీలం మీద పెట్టగానే బయటపడుతుంది.

మరి పెద్దగా చూస్తే కనపడనిది చిన్నగా చూస్తే ఎందుకు కనపడింది? మనం చేసేది 1280 పిక్సెళ్ల వెడల్పులో. కంప్యూటర్‌లో వీడియో పక్కన వచ్చే వరసలో అది దాదాపు 168కి దిగిపోతుంది, అంటే ఇంచుమించు ఎనిమిదో వంతు. రెండు పిక్సెళ్ల మురికి అంచు అక్కడ పావు పిక్సెల్. కానీ పావు పిక్సెల్ అనేది తెరమీద ఉండదు కదా, పక్కవాటితో కలిసి ఒక పిక్సెల్ అవుతుంది. నీలం వెలుతురు 40, మురికి అంచు 200 అనుకోండి, కలిపితే 80 వస్తుంది. అటు నల్లటి జుట్టు, ఇటు ముదురు నీలం, మధ్యలో రెట్టింపు వెలుతురుతో ఒక గీత. నేను కష్టపడి కాపాడిన వెంట్రుకలేమో విడివిడిగా కనపడనే లేదు, అన్నీ కలిసి తల చుట్టూ పొగలా తయారయ్యాయి. వాటిమీద పెట్టిన రెండు గంటలూ దండగే అన్నమాట.

సరిచేయడం ఫొటోషాప్‌లో చూపిస్తాను. మొదట మనిషిని థంబ్‌నెయిల్‌లో ఎంత సైజు ఉండాలో అంతకు తెచ్చి, ఆ తర్వాతే అంచు జోలికి వెళ్లండి. నాలుగు వేల పిక్సెళ్ల ఫొటోలో రెండు పిక్సెళ్లు కోస్తే, చిన్నది చేశాక అర పిక్సెల్ కోసినట్టే, ఉపయోగం లేదు. ఇప్పుడు మనిషిలో ఎంతవరకు కనపడాలో నిర్ణయించే మాస్క్ మీద క్లిక్ చేసి `Filter > Other > Minimum`లో 1 గానీ 2 గానీ ఇవ్వండి, మాస్క్ లోపలికి ముడుచుకుంటుంది. మనిషి కొంచెం పోతాడని భయపడకండి, గోడ మిగలడం కన్నా చెంప ఒక పిక్సెల్ తరగడం నయం. అలాగని 5, 6 ఇవ్వకండి, టీవీలో చూసేవాళ్లకి చెవులు చెక్కేసినట్టుంటుంది.

చెంప, భుజం, చీర అంచు దీంతో తేలిపోతాయి. జుట్టు తేలదు, ఎందుకంటే అక్కడ మురికి రెండు పిక్సెళ్లతో ఆగదు. అందుకని మనిషి లేయర్ పైన కొత్త లేయర్ వేసి, దాన్ని కింది లేయర్‌కి క్లిపింగ్ మాస్క్ చేసి, బ్రష్ పట్టుకుని Alt నొక్కి లోపలి జుట్టు రంగు తీసుకుని అంచు మీద పూసేయండి. ఆకారం మారదు, గోడరంగు పోయి జుట్టు రంగు వస్తుంది. `Select and Mask`లో `Decontaminate Colors` కూడా ఇలాంటి పనే చేస్తుంది గానీ, జుట్టు పక్కనే నుదురు ఉన్నచోట చర్మం రంగు జుట్టులోకి లాగేస్తుంది ఒక్కోసారి. నాకు చేత్తో పూయడమే ఇష్టం. ఎగిరే వెంట్రుకలు మాత్రం తీసేయండి, ఒక ముద్దలా, నున్నటి గీతలా కోయండి.

ఇక సందులు. వదిన నడుం మీద చెయ్యి పెట్టుకుంది, మోచేతి లోపల సందు పెద్దది కాబట్టి నీలం కనపడాలి, అక్కడ గోడ మిగిలిందేమో చూసుకోవాలి. జుంకాకీ మెడకీ మధ్య సందు పది పిక్సెళ్లే. చిన్నదయ్యాక అది ఒక నీలం చుక్క, మచ్చలా ఉంటుంది. దాన్ని మెడ రంగుతో మూసేశాను.

పరీక్ష కూడా సరిగ్గా చేయండి. జూమ్ తగ్గించి చూడటం చాలదు, ఫొటోషాప్ ఆ చిన్న బొమ్మని గబగబా గీసి చూపిస్తుంది, నమ్మలేం. ఫైల్ కాపీని నిజంగానే 168 వెడల్పుకి మార్చి, నాలుగు వేరే థంబ్‌నెయిళ్ల మధ్య పెట్టి చూడండి. తెల్ల అవుట్‌లైన్ వేసి కప్పేద్దాం అనుకునేవాళ్లు 8 పిక్సెళ్లకు తగ్గకుండా వేయండి, 3 వేస్తే మళ్లీ అదే బూడిద గీత.

వదిన బొమ్మలో చివరిదాకా ఏడిపించింది మల్లెపూలు. తెల్లగోడ ముందు తెల్లపూలు, ఆటోమేటిక్ సెలక్షన్ సగం పూలు మింగేసింది, మిగిలిన సగం చిన్న సైజులో అచ్చం కోయడం మర్చిపోయిన గోడముక్కలా ఉంది. తీసేద్దామంటే వదిన ఒప్పుకోలేదు. చివరికి దండని పెన్ టూల్‌తో విడిగా గీసి, పాతిక పిక్సెళ్ల మందం వచ్చేలా పెంచి, జుట్టుకి ఆనుకున్న వైపు కొంచెం నీడ పూశాను. ఇదిగో, కుడివైపు బొమ్మలో ఉన్నది అదే.