సున్నా చూపించిన టాంగ్ టెస్టర్

(పర్లాకిమిడిలో మోటారు వైండింగు, వైరింగు, సోలార్ పనులు చేసే తెలుగు కుర్రాళ్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

తమ్ముళ్లందరికీ నమస్కారం. పెద్దలకు నమస్కారం.

ఈ బల్ల మీద నాలుగు మీటర్లు పెట్టాను. నాలుగింటి మీదా కంపెనీ పేరుకి టేపు అంటించేశాను. మనలో చాలామందికి మీటరు పాతసామాను కొట్లోనో, పని మానేసిన మేస్త్రి దగ్గరో దొరుకుతుంది. దాంతోపాటు పుస్తకం రాదు, ఒక్కోసారి లీడ్లు కూడా రావు. అలాంటప్పుడు అది ఏ మీటరో, దేనికి పనికొస్తుందో దాని మొహం చూసే తెలుసుకోవాలి.

ముందు డయల్ చూడకండి. కింద రంధ్రాలు చూడండి. ఇది మల్టీమీటర్. దీనికి మూడు రంధ్రాలున్నాయి, కొన్నిటికి నాలుగుంటాయి. `COM` అన్నది నల్ల లీడుకి. `VΩ` అన్నది ఎర్ర లీడుకి. పక్కన `10A` అని ఇంకోటి ఉంది చూశారా, అదే దీని గుర్తు. మల్టీమీటరుతో కరెంటు కొలవాలంటే తీగ తెంపి, ఆ కరెంటు మొత్తాన్ని మీటరు లోపలి నుంచే పోనివ్వాలి. అందుకే దానికి వేరే దారి పెట్టారు. ఎర్ర లీడు ఆ `10A` లో ఉండగా 230 వోల్టుల సాకెట్లో పెట్టారంటే, మీరు పెట్టింది మీటరు కాదు, తీగ ముక్క. నేరుగా షార్టే. ఫ్యూజు ఉంటే అది పోతుంది. `UNFUSED` అని రాసుందంటే పోవడానికి ఫ్యూజు కూడా లేదు, లీడే పేలుతుంది.

పసుపురంగు చిన్న మీటర్లు మీ అందరి దగ్గరా ఉంటాయి. వాటి డయల్ మీద కరెంటు వైపు ఒకసారి పరీక్షగా చూడండి. చాలావాటిలో డీసీ ఆంపియర్లు మాత్రమే ఉంటాయి, ఏసీ ఆంపియర్లు ఉండవు. మోటారు ఎంత లాగుతోందో దాంతో కొలవలేం.

ఇది టాంగ్ టెస్టర్, అదే క్లాంప్ మీటర్. దవడలు చూడగానే అందరూ గుర్తుపడతారు. దీనికి మామూలుగా రెండే రంధ్రాలుంటాయి. కరెంటు దవడల మధ్య నుంచి వెళుతుంది కాబట్టి `10A` రంధ్రంతో పనిలేదు. కానీ దవడలు చూసి గుర్తుపట్టడంతో పని అయిపోదు. బల్ల మీద రెండు టాంగ్ టెస్టర్లు పెట్టింది అందుకే. రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. ఒకదానికి వచ్చిన పని రెండోదానికి రాదు.

వీటి కథ చెప్పే ముందు ఆ మూలనున్న ఆసిలోస్కోప్ సంగతి రెండు మాటల్లో ముగిస్తాను. దీని స్క్రీన్ మీద అంకె కాదు, గళ్లుంటాయి. రంధ్రాలు కావు, రెండు చెవులున్న గుండ్రటి మూతి ఉంటుంది. ప్రోబు మీద `1X`, `10X` అని చిన్న మీట ఉంటుంది. ఒక మూల `5ms` అని కనిపిస్తే అడ్డంగా ఒక్కో గడి 5 మిల్లీసెకన్లని అర్థం. మన 50 హెర్ట్జ్ కరెంటు ఒక అల 20 మిల్లీసెకన్లు, అంటే సరిగ్గా నాలుగు గళ్లు. ఈ మధ్య చేత్తో పట్టుకునేవి కూడా వచ్చాయి, డయల్ ఉండి లావుపాటి మల్టీమీటరులా కనిపిస్తాయి. ఆ గుండ్రటి మూతి ఉందేమో చూడండి, అదే పట్టిస్తుంది. సాకెట్లో ప్లగ్గు పెట్టి వాడే స్కోపు ప్రోబుకున్న నల్ల క్లిప్పు లోపల ఎర్తుకి కలిసి ఉంటుంది, దాన్ని ఫేజుకి తగిలించకండి.

ఇక అన్నదమ్ముల దగ్గరికి వద్దాం. కాశీనగర్ వైపు ఒక కూరగాయల రైతు సోలార్ పంపు పెట్టుకున్నాడు. నీళ్లు సన్నగా వస్తున్నాయని పిలిచాడు. నేను వెళ్లేసరికే ఒక కుర్రాడు అక్కడున్నాడు. ప్యానెళ్ల నుంచి కంట్రోలర్‌కి వచ్చే ఎర్ర తీగకి టాంగ్ టెస్టర్ వేసి చూపించాడు. `0.00`. "అన్నా, ప్యానెళ్లు పోయాయి, కరెంటే రావట్లేదు" అన్నాడు. పది ప్యానెళ్లు మార్చాలంటే ఎంతవుతుందోనని రైతు మొహం వాడిపోయింది.

ఆ మీటరు చెడిపోలేదు. కుర్రాడు పట్టుకోవడంలోనూ తప్పు లేదు, ఒక్క తీగకే వేశాడు. రెండు తీగలూ కలిపి వేస్తే పోయేదీ వచ్చేదీ కొట్టేసుకుని ఎలాగూ సున్నాయే వస్తుంది, ఆ సంగతి అతనికి తెలుసు. నేను డయల్ చూశాను. `A` పక్కన అల గుర్తు ఒక్కటే ఉంది. అంటే అది ఏసీ టెస్టర్.

దాని దవడల్లో ఇనుప కోరు, దాని చుట్టూ చుట్టిన తీగ ఉంటాయి. మనం చుట్టే ట్రాన్స్‌ఫార్మర్ లాంటిదే, మనం కొలిచే తీగే దానికి ప్రైమరీ. కరెంటు మారుతూ ఉంటేనే రెండో చుట్టలో వోల్టేజీ పుడుతుంది. ప్యానెల్ నుంచి వచ్చేది డీసీ, మారదు. అందుకని ఎన్ని ఆంపియర్లు పోతున్నా అది సున్నా దగ్గరే నిలబడుతుంది. తప్పు చోట కొలుస్తున్నావని చెప్పదు, గీతలు చూపించదు. సున్నా అని నమ్మకంగా చెబుతుంది. నాకు భయమేసేది అక్కడే. కరెంటు లేదనుకుని ఆ కుర్రాడు ప్యానెల్ కనెక్టర్ లాగేసి ఉంటే? పది ప్యానెళ్లు వరసగా కలిస్తే ఇంచుమించు 370 వోల్టుల డీసీ. ఏసీ మంట సెకనుకి వందసార్లు సున్నాకి దిగుతుంది కాబట్టి ఆరిపోయే వీలుంది. డీసీ దిగదు. కనెక్టర్ మధ్య మంట సాగుతూనే ఉంటుంది, చేతులు కాలతాయి. ముందు ఐసొలేటర్ ఆపాలి, ఆ తరవాతే కనెక్టర్ ముట్టుకోవాలి.

రెండో టెస్టర్ డయల్ చూడండి. `A` దగ్గర అలతోపాటు ఒక గీత, దాని కింద మూడు చిన్న గీతలు ఉన్నాయి. అది డీసీ గుర్తు. పక్కన `ZERO` అని ఒక బొత్తాం ఉంది. డీసీ కొలిచే టెస్టర్ దవడల్లో హాల్ సెన్సార్ ఉంటుంది. అది అయస్కాంత బలాన్ని నేరుగా పట్టుకుంటుంది, మారినా మారకపోయినా. ఇనుములో మిగిలిపోయిన అయస్కాంతాన్ని కూడా పట్టుకుంటుంది కాబట్టి, తీగకి వేసేముందు దవడలు ఖాళీగా మూసి ఆ బొత్తాం నొక్కాలి.

అనుమానముంటే ట్రాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇంజను ఆపి, హెడ్‌లైట్లు వేసి, బ్యాటరీ తీగ ఒక్కదానికి టెస్టర్ తగిలించండి. 55 వాట్ల బల్బులు రెండుంటే 9 ఆంపియర్ల చుట్టుపక్కల చూపించాలి. సున్నా అంటే అది ఏసీది.

కాశీనగర్‌లో నా టెస్టర్ డీసీ గుర్తు మీదికి తిప్పితే, ఖాళీ దవడలతోనే `0.6` చూపించింది. బొత్తాం నొక్కాను, సున్నాకి వచ్చింది. ఎర్ర తీగకి వేస్తే `5.6`. అటుది ఇటు తిప్పి వేస్తే అదే అంకె ముందు మైనస్ గుర్తు వచ్చింది, అంటే లెక్క నిజమే. ప్యానెళ్లు పనిచేస్తున్నాయి.

మరి నీళ్లెందుకు సన్నగా వస్తున్నాయి? ఇక్కడ ఆ కుర్రాడి టెస్టరే పనికొచ్చింది. కంట్రోలర్ డీసీని ఏసీగా మార్చి పంపుతుంది కాబట్టి, అక్కడి నుంచి మోటారుకి వెళ్లే మూడు తీగల్లో ఉండేది ఏసీ. ఒక్కోదానికీ వేసి చూశాం, మూడూ దాదాపు సమానంగా ఉన్నాయి. ఫేజు పోలేదు, తీగ తెగలేదు. అప్పుడు రైతుని అడిగితే, పది రోజుల కిందట మోటారు పైకి తీసి కేబుల్ జాయింటు మళ్లీ వేయించానన్నాడు. తీగలు అటూఇటూ అయి మోటారు వెనక్కి తిరుగుతోంది. ఐసొలేటర్ ఆపాం, కంట్రోలర్ కెపాసిటర్లలో ఛార్జి దిగేదాకా ఆగాం, మూడింట్లో రెండు తీగలు మార్చి బిగించాం. ఈసారి నీళ్లు గొట్టం నిండా వచ్చాయి.