డబ్బా అడుగున దొరికిన ఆరంగుళాల పట్టీ: డాగ్ వాకింగ్ కిట్ రివ్యూ

హాయ్ అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ కిట్ నేను కొన్నది కాదు, కంపెనీ వాళ్లు ఉచితంగా పంపించారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఈ వీడియో కూడా వాళ్లకు ముందుగా చూపించలేదు. ఇందులో నడుముకు కట్టుకునే బెల్టు, సాగే లీష్, రెండు కుక్కలను కలిపి పట్టుకునే కప్లర్, డబ్బా అడుగున ఒక చిన్న పట్టీ ఉన్నాయి. రంగులు, కొలతలు మీరు ఎక్కడో చూసే ఉంటారు, నేను చదవను. కూకట్‌పల్లిలో మా ఇంట్లో మూడేళ్లుగా కుక్కల బోర్డింగ్ నడుపుతున్నా. పొద్దున, సాయంత్రం వాకింగ్ కూడా నేనే. ఆ పనికి ఇది పనికొస్తుందా లేదా, అంతే చెప్తా.

బెల్టుతో మొదలుపెడదాం, ఎందుకంటే దాని మీద నాకు కోపం ఉంది. డబ్బా మీద ఒకావిడ పచ్చటి పార్కులో చేతులూపుకుంటూ జాగింగ్ చేస్తోంది. మా వీధిలో పార్కు లేదు, చెత్తకుండీ ఉంది, దాని దగ్గర నాలుగు వీధికుక్కలున్నాయి. మంగళవారం పొద్దున ఆరింటికి బ్రూనోని ఈ బెల్టుకు తగిలించుకుని బయల్దేరా. వాడు 31 కిలోల ల్యాబ్. కుండీ దగ్గర కుక్కలు లేచి నిలబడ్డాయి, వీడు ఒక్క దూకు దూకాడు. లీష్ చేతిలో ఉంటే మోచేయి ఒంటికి ఆనించి, ఒక కాలు వెనక్కి వేసి ఆపుకుంటాం. నడుముకు కట్టుకుంటే ఆ వీలే ఉండదు. నడుము ముందుకు పోతుంది, కాళ్లు వెనకే ఉండిపోతాయి. మోకాళ్ల మీద పడ్డా. పైగా ఆ లీష్ సాగుతుంది కదా! కుదుపు తగ్గిన మాట నిజమే, కానీ సాగినంత మేరా కుక్క ముందుకు పోతుంది. వీధికుక్కకూ మన కుక్కకూ మధ్య కావాల్సిన ఆ రెండడుగుల ఎడమే అందులో పోయింది.

ఇంతకుముందు రీలులోంచి సన్నటి తాడు వచ్చే లీష్ ఒకటి వాడేదాన్ని. ఒకరోజు బీగిల్ నా కాలి చుట్టూ గిర్రున తిరిగింది, తాడు పిక్క మీద కోసుకుపోయింది. ఆ గీత ఇప్పటికీ ఉంది. అప్పటినుంచి నాకు వెడల్పాటి మామూలు నాడా లీషే.

కప్లర్ పర్వాలేదు. కానీ సమానమైన బరువున్న, ముందే అలవాటైన రెండు కుక్కలకే. ల్యాబ్‌కీ షిట్జూకీ కలిపి కట్టారంటే షిట్జూను ల్యాబ్ రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. నేను ఒక్కదాన్నే ఉంటే రెండింటికి మించి తీసుకెళ్లను. కొత్త కుక్క వచ్చినప్పుడు ఇంట్లో ఎదురెదురుగా వదిలేయను. నేనొకదాన్ని, మా తమ్ముడొకదాన్ని పట్టుకుని రోడ్డుకు చెరో పక్కన ఒకే దిక్కుగా పావుగంట నడుస్తాం. ఒకదాన్నొకటి గుడ్లప్పగించి చూడటం మానేశాక దగ్గరికి జరుగుతాం. ఇంటికొచ్చాక గిన్నెలు వేరే గదుల్లో పెడతాం, బొమ్మలన్నీ అటక మీదికి ఎక్కించేస్తాం. గొడవలు ఎక్కువగా తిండి దగ్గరే, బొమ్మల దగ్గరే.

సరే, ఇప్పుడు అసలు సంగతి. ఈ పట్టీ. కంపెనీ వాళ్లు దీని గురించి ఒక్క లైనే రాసుకున్నారు. ఆరంగుళాలు ఉంటుంది. ఒక కొస కుక్క ఒంటికి తొడిగే హార్నెస్ రింగుకు, ఇంకో కొస కాలర్‌కు తగిలించాలి.

దీనికి ఇంత హడావిడి ఎందుకంటారా? భయపడ్డ కుక్క ఎప్పుడూ ముందుకే లాగదండీ. మన వైపు తిరిగి, తల దించి, వెనక్కి వెనక్కి జరుగుతుంది. భుజాలు దగ్గరికి ముడుచుకుంటాయి, హార్నెస్ తల మీదుగా చొక్కాలా ఊడి వచ్చేస్తుంది. మన దేశీ కుక్కల్లో చాలావాటికి తల మెడ కంటే పెద్దగా ఉండదు, కాలర్ కూడా అలాగే జారిపోతుంది. పోయిన దీపావళికి ముందురోజు నాకు ఇదే జరిగింది. ఆ రోజే వచ్చిన దేశీ కుక్క, ఎవరో లక్ష్మీబాంబు పేల్చారు, రెండు సెకన్లలో నా చేతిలో ఖాళీ హార్నెస్ మిగిలింది. ఐదు గంటలు వెతికితే ఆగి ఉన్న నీళ్ల ట్యాంకర్ కింద దొరికింది. ఓనర్‌కు ఫోన్ చేసి చెప్పిన ఆ నిమిషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఈ పట్టీ ఉంటే హార్నెస్ ఊడినా కాలర్ పట్టుకుని ఉంటుంది. కొక్కెం చూడండి, కెమెరా దగ్గరగా పెడుతున్నా. మామూలు కొక్కేనికి బొటనవేలితో నొక్కే నాలుక ఉంటుంది కదా? కుక్క మెలి తిరిగినప్పుడు రింగు వచ్చి ఆ నాలుక మీద నొక్కితే అదే తెరుచుకుంటుంది. ఇదిగో, నేను ముట్టుకోలేదు, తెరుచుకుంది. దీనికి మాత్రం మర తిప్పే మూత ఉంది, తిప్పితే గానీ తెరుచుకోదు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ నింపి రాత్రంతా వేలాడదీశా, ఏమీ కాలేదు. వేలాడే బరువూ కుక్క కుదుపూ ఒకటి కాదనుకోండి, అందుకే రోజూ కుట్లు కూడా చూస్తా. లోపం ఏంటంటే షిట్జూకు ఆరంగుళాలు ఎక్కువ, కిందికి వేలాడి కాలికి తగులుతోంది.

ఆ రోజు కుక్క దొరక్కపోతే ఇన్సూరెన్స్ వచ్చేదా అని చాలామంది అడిగారు. నేనూ అప్పుడే ఏజెంట్‌ను పట్టుకున్నా. పబ్లిక్ లయబిలిటీ అంటే మన వ్యాపారం వల్ల బయటివాళ్లకు నష్టం జరిగితే ఇచ్చేది. కుక్క దారిన పోయేవాళ్లను కరిచింది అనుకోండి, అలాంటిది. మన అధీనంలో ఉన్న ఇతరుల వస్తువులను ఇలాంటి పాలసీల్లో సాధారణంగా మినహాయిస్తారు. బోర్డింగ్‌కు వచ్చిన కుక్క ఆ లెక్కలోకే వస్తుంది. అంటే మనం దేనికైతే భయపడుతున్నామో దానికే కవర్ లేదు! అందుకే పాలసీలో మొదటి పేజీ కాదు, మినహాయింపుల పేజీ చదవండి. 'కస్టమర్ కుక్క నా ఇంట్లో ఉండగా గాయపడితే, తప్పిపోతే ఇస్తారా' అని ఈమెయిల్‌లో అడిగి, జవాబు కూడా ఈమెయిల్‌లోనే తీసుకోండి. ఓనర్ దగ్గర పెట్ పాలసీ ఉంటే, కుక్క ఇతరుల దగ్గర ఉన్నప్పుడు అది పనిచేస్తుందేమో వాళ్లనే కనుక్కోమంటా. ఇది కాక ఒక కాగితం మీద సంతకం తీసుకుంటా. ఏ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి, ఫోన్ ఎత్తకపోతే ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు అని. నేను ఐదు వేలు అని రాస్తా.

మొన్న ఒక అంకుల్, ఆంటీ వచ్చారు. కూతురి డెలివరీకి అమెరికా వెళ్తున్నారు, మూడు నెలలు. ఆంటీ కళ్లలో నీళ్లు. మూడు నెలలకు అడ్వాన్స్ ఇస్తానన్నారు అంకుల్. వద్దండీ, ముందు ఒక్క రాత్రి వదలండి, తింటాడో లేదో చూద్దాం అన్నా. వ్యాక్సిన్ పుస్తకంలో రేబీస్ తేదీ చూసి, వాళ్ల ముందే కుక్క చెవుల లోపల, కాలివేళ్ల మధ్య వెతికా. రెండు గోమార్లు దొరికాయి. ఫోటో తీసి అంకుల్‌కే వాట్సాప్ చేశా. టిక్ ఫీవర్ గోమారి కుట్టిన రోజే బయటపడదు, వారం నుంచి మూడు వారాల దాకా పట్టొచ్చు. ఇప్పుడు చూడకపోతే తర్వాత జ్వరం వచ్చినప్పుడు మా ఇంట్లోనే అంటుకుందంటారు, నా దగ్గర జవాబు ఉండదు. అంకుల్ ముఖం కాస్త చిన్నబోయింది, మందు వేయించి నాలుగు రోజులాగి తీసుకొచ్చారు. గేటు దగ్గర నేను పట్టీ తగిలిస్తుంటే ఇదేంటమ్మా అన్నారు. దీపావళి కథ మొత్తం చెప్పేశా, దాచలేదు. ఆంటీ ఆ కొక్కెం తనే తిప్పి, లాగి చూసుకున్నారు.

కాబట్టి పట్టీ కోసం పదికి పది. కిట్ మొత్తానికి నాలుగు, ఎందుకంటే నా మోకాలి మీద చెక్కు ఇంకా రాలలేదు. పట్టీ విడిగా అమ్మమని కంపెనీకి మెయిల్ పెట్టా, జవాబు వస్తే కామెంట్లో పిన్ చేస్తా. బెల్టు మాత్రం ఎవరికైనా కావాలంటే వచ్చి పట్టుకెళ్లండి, మూడుసార్లే వాడా.