ట్రాంబోన్, హార్ప్, తిరిగొచ్చిన ఒక పేపరు

“ఆర్కెస్ట్రాలో ట్రాంబోన్ దగ్గర మగవాళ్లు, హార్ప్ దగ్గర ఆడవాళ్లు. వాద్యాల మీద ఉన్న మూస అభిప్రాయాలే దీనికి కారణమని సంగీత సామాజికశాస్త్రం పేపర్లో రాశాను. వాదన నిలబడదని మేడం తిప్పి పంపారు. ఎక్కడ తప్పింది?”

వేదిక మీద తలలు లెక్కపెడితే ఎవరు ఎక్కడ కూర్చున్నారో తెలుస్తుంది. అక్కడికి ఎలా చేరారో తెలియదు. ఆడపిల్లలు అసలు ట్రాంబోన్ పట్టుకోలేదా? లేక పట్టుకుని, బాగా వాయించినా లోపలికి రానివ్వలేదా? ఈ రెంటికీ వేర్వేరు సాక్ష్యాలు కావాలి.

మొదటిదానికి అమెరికాలో ఏబెలిస్, పోర్టర్ 1978లో ప్రచురించిన అధ్యయనం పనికొస్తుంది. అబ్బాయికైతే ఏ వాద్యం ఇప్పిస్తారు, అమ్మాయికైతే ఏది అని పెద్దలను అడిగారు. అబ్బాయిలకు డ్రమ్స్, ట్రాంబోన్, ట్రంపెట్. అమ్మాయిలకు ఫ్లూట్, వయొలిన్, క్లారినెట్. ఎంపికలో పెద్దల ఇష్టం ఎటు మొగ్గుతుందో ఇది చెబుతుంది. ఉద్యోగం గురించి ఏమీ చెప్పదు. చాలా పేపర్లు ఇక్కడే ఒక్క గెంతు గెంతి బోర్లా పడతాయి.

ఉద్యోగం సంగతికి ట్రాంబోన్ వాద్యకారిణి అబీ కొనాంట్ ఉదంతం చూడండి. 1980లో జర్మనీలోని మ్యూనిక్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఎంపికలో ఆమె తెర వెనుక నుంచి వాయించి గెలిచారు. పిలుపు ఉత్తరమే ఆమెను ‘శ్రీ’ అని సంబోధించింది! 1982లో ఆమెను ప్రధాన స్థానం నుంచి రెండో ట్రాంబోన్‌కు దించారు. ప్రధాన స్థానానికి మగవాడు కావాలన్నది ఆర్కెస్ట్రా సంగీత దర్శకుడు చెలిబిడాకె మాట. ఆ పైన, ఆమెకు తగిన శారీరక బలం లేదన్న వాదన వచ్చింది. ఆమె ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకున్నారు, ఫలితాలు చక్కగా వచ్చాయి. అయినా స్థానం కోసం, తర్వాత తోటి మగవాళ్లతో సమాన జీతం కోసం, 1993 వరకు కోర్టుల్లో పోరాడాల్సి వచ్చింది.

మీ వాదనకు ఇందులో పట్టు ఎక్కడుందంటే, ‘బలం లేదు’ అన్నది పరీక్షించగలిగిన మాట. పరీక్షలో అది వీగిపోయినా నిర్ణయం మారలేదు. అంటే బలం అసలు కారణం కాదు, నిర్ణయానికి తొడిగిన ముసుగు. అయితే ఒక్క ఉదంతం అడ్డంకి ఎలా పనిచేస్తుందో చూపగలదు కానీ, ఎంత తరచుగా జరుగుతుందో చెప్పలేదు. ఆ సంగతి పేపర్లో మీరే ముందుగా రాసేయండి.

ఇక మీకు ఎదురు తిరిగే ఉదాహరణ. వియన్నా ఫిల్హార్మోనిక్‌లో అనా లెల్కెష్ హార్ప్ వాయించారు. ఆడవాళ్లకు తగినదని అందరూ ఒప్పుకునే వాద్యమే. అయినా ఇరవయ్యేళ్లకు పైగా వాయించాక, 1997లో గానీ ఆమెకు పూర్తి సభ్యత్వం రాలేదు. మూసకు సరిపోని కొనాంట్‌నూ ఆపారు, సరిపోయిన లెల్కెష్‌నూ ఆపారు. కాబట్టి అన్నిటికీ వాద్యం మూసే కారణమన్న వాక్యం కొట్టేయండి. స్త్రీ ఏ వాద్యం దగ్గర కనిపిస్తుందో కొంతవరకు మూస నిర్ణయిస్తుందనీ, ఆమెకు ఏ హోదా ఇవ్వాలో సంస్థ నిర్ణయిస్తుందనీ విడదీసి రాయండి. మొదటి సగానికి ఏబెలిస్, పోర్టర్. రెండో సగానికి ఈ ఇద్దరు వాద్యకారిణులు.