నిండిన కోర్‌లో సూదిమొన కరెంటు

శ్రోతలకు నమస్కారం. పాత స్టెబిలైజర్‌లోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను బల్ల మీద పెట్టి, సెకండరీకి ఏమీ తగిలించకుండా 230 వోల్టులు ఇచ్చామనుకోండి. లోడు లేదు కాబట్టి అది తీసుకునేది దాదాపుగా మాగ్నెటైజింగ్ కరెంటే. అంటే కోర్ అనే లోపలి ఇనుప రేకుల దొంతరను అయస్కాంతంగా మార్చేందుకు కావలసిన కరెంటు. ఆసిలోస్కోపులో చూస్తే వోల్టేజి అల నున్నగా ఉంటుంది. కరెంటు మాత్రం చాలాసేపు నేలబారుగా పాకి, ఒక్కసారి సూదిమొనలా లేస్తుంది.

ఇక్కడ పెత్తనం వోల్టేజిది. అది నున్నటి సైన్ అలైతే కోర్‌లోని ఫ్లక్స్, అంటే అయస్కాంత ప్రవాహం, కూడా నున్నటి సైన్ అలగానే నడవాలి. అందుకు ఎంత కరెంటు అవసరమైతే అంత లాగక తప్పదు. ఇనుము మొదట్లో తేలిగ్గానే లొంగుతుంది. నిండే కొద్దీ మొరాయిస్తుంది. బస్తాలో సగం దాకా వడ్లు వాటంతట అవే జారుతాయి, ఆఖరి రెండు గుప్పిళ్లకే కాలితో తొక్కాల్సి వస్తుంది కదా, అదే సంగతి.

లెక్క సులువుగా ఉండేలా నేను అల్లిన ఉదాహరణ ఒకటి చెబుతాను. ఫ్లక్స్ శిఖరంలో సగం ఎత్తున ఉన్నప్పుడు 6 మిల్లీఆంపియర్లు చాలనుకుందాం. శిఖరానికి చేరితే 42 కావాలి. ఫ్లక్స్ రెండింతలైతే కరెంటు ఏడింతలైంది. ఈ మొనదేలిన అలను విడదీస్తే 50 హెర్ట్జ్ అల ఎత్తు 30, దానికి మూడు రెట్ల వేగంతో ఊగే 150 హెర్ట్జ్ అల 10, ఐదు రెట్లది 2 వస్తాయి. ఇలా పూర్ణసంఖ్య రెట్ల వేగంతో ఊగే అలల్నే హార్మోనిక్‌లు అంటారు. శిఖరం దగ్గర మూడూ ఒకే వైపు తోస్తాయి: 30, 10, 2 కలిస్తే 42. సగం ఎత్తు దగ్గర మొదటిది 15 ఇస్తే, మూడో హార్మోనిక్ ఎదురు తిరిగి 10 లాగేస్తుంది, ఐదోది 1 కలుపుతుంది. మిగిలింది 6.

మరి రెండు, నాలుగు రెట్ల అలలు ఏవీ? ఇనుముకి ఉత్తరం, దక్షిణం అన్న పక్షపాతం లేదు. పై సగంలో ఎలా మొరాయించిందో కింది సగంలోనూ అలాగే మొరాయిస్తుంది. సరి సంఖ్య హార్మోనిక్ ఒక్కటి చేరినా రెండు సగాలూ ఒకే తీరుగా ఉండవు. అందుకే బేసివే మిగులుతాయి. లైనులోకి కాస్త డీసీ చొరబడి కోర్ ఒక వైపుకే ఎక్కువ నిండితే మాత్రం సరివీ కనిపిస్తాయి. రిపేరు చేసేవాళ్లకు అదొక మంచి ఆనవాలు.

ఇప్పుడు వోల్టేజి 10 శాతం పెంచండి. మన లెక్కలో 42 కాస్తా 62 దాటుతుంది. అర్ధరాత్రి లైన్ వోల్టేజి పెరిగినప్పుడు ఖాళీగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమనడానికి ఒక కారణం ఇదే. లోడు వేస్తే దాని పెద్ద కరెంటు మాటున ఈ మొన మరుగున పడుతుంది, కానీ ఎక్కడికీ పోదు.