2B వెనకాల ఉన్న మనుషులు

[తెర మీద: బీపీ మిషన్, పక్కన ఫోన్‌లో తెరిచిన పీడీఎఫ్]

టంగుటూరు నుంచి ఒక పొగాకు రైతు ఒంగోల్లో మన ఓపీకి వచ్చాడనుకోండి. వయసు 58. పదేళ్లుగా షుగరు. క్రియాటినిన్ 1.8, అంటే కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ 43 దగ్గర. సిస్టర్ బీపీ చూసి 138 అని చీటీ మీద రాసింది. మన జూనియర్ డాక్టరు ఫోన్ చూపించి, "సార్, కిడ్నీ జబ్బుంటే పై బీపీ 120 లోపు ఉండాలని కేడిగో గైడ్‌లైన్‌లో ఉంది. ఇంకో మాత్ర కలుపుదామా?" అన్నాడు.

కేడిగో అంటే కిడ్నీ జబ్బుల చికిత్సకు గైడ్‌లైన్లు రాసే అంతర్జాతీయ సంస్థ. అతను చదివింది నిజమే. కాకపోతే వాక్యం చివర ఉన్న రెండు గుర్తులు వదిలేశాడు.

[తెర మీద పెద్దగా: 2B]

ఇది ఒక మార్కు కాదు, రెండు. అంకె సిఫారసు గట్టితనం చెబుతుంది. 1 అంటే ఈ పరిస్థితిలో ఉన్న దాదాపు అందరూ ఒప్పుకునే పని. 2 అంటే ఎక్కువమంది సరే అంటారు గానీ, వద్దనేవాళ్లూ చాలామందే ఉంటారు, అందుకని పేషెంటుతో మాట్లాడి తేల్చుకోండని. అక్షరం ఆధారం నాణ్యత చెబుతుంది. A మీద గట్టి నమ్మకం, D మీద చాలా తక్కువ. B అంటే ఒక మోస్తరు నమ్మకం. ఏ గుర్తూ లేకుండా "ప్రాక్టీస్ పాయింట్" అని కనిపిస్తే దానికి గ్రేడు ఇవ్వలేదని అర్థం.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఈ B ఎక్కడినుంచి వచ్చిందో చూడాలంటే సిఫారసు కింద ఉన్న వివరణ చదవాలి. విసుగు పుట్టే భాగమే, కాదనను. అసలు సరుకు మాత్రం అక్కడే ఉంది.

[తెర మీద: సిఫారసు నుంచి వివరణకు, అక్కడినుంచి ట్రయల్‌కు బాణం గుర్తు]

అక్కడ పదేపదే కనిపించే పేరు స్ప్రింట్. 2015లో వచ్చిన అమెరికా ట్రయల్. 50 ఏళ్లు దాటిన 9361 మందిని రెండు గుంపులు చేసి, ఒకరికి 120 లోపు, ఇంకొకరికి 140 లోపు బీపీ లక్ష్యంగా పెట్టారు. వాళ్లలో 2646 మందికి కిడ్నీ జబ్బు ఉంది. తక్కువ లక్ష్యం పెట్టుకున్నవాళ్లలో గుండె జబ్బులు, మరణాలు తగ్గాయి. కిడ్నీ పాడవడం మాత్రం ఆగినట్టు తేలలేదు. "కిడ్నీ కోసం బీపీ 120కి దించుతున్నాం" అని పేషెంటుకు చెప్పేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. పైగా ఆ గుంపులోనే బీపీ మరీ పడిపోవడం, కళ్లు తిరిగి పడటం, కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినడం ఎక్కువ కనిపించాయి.

ఇప్పుడు నేను ముందుగా చూసే చోటుకు వద్దాం: ట్రయల్‌లోకి ఎవరిని రానివ్వలేదు? స్ప్రింట్‌లో షుగరు ఉన్నవాళ్లను తీసుకోలేదు. మన రైతుకు పదేళ్లుగా షుగరు.

సరే, షుగరు వాళ్లతో చేసిన ట్రయల్ లేదా అంటే, ఉంది. అకార్డ్, 2010. 4733 మంది, అవే 120, 140 లక్ష్యాలు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి చూసిన ప్రధాన లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందులో క్రియాటినిన్ 1.5 దాటినవాళ్లను చేర్చలేదు. మన రైతుది 1.8.

[కాసేపు మౌనం. తెర మీద రెండు వలయాలు, వాటి బయట ఒక చుక్క]

షుగరు వల్ల ఒక ట్రయల్‌కూ, కిడ్నీ వల్ల రెండో ట్రయల్‌కూ మనిషి బయటే ఉన్నాడు. సిఫారసు వాక్యం మాత్రం షుగరు ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ కలిపే రాశారు. గైడ్‌లైన్ దీన్ని దాచలేదు, షుగరూ కిడ్నీ జబ్బూ రెండూ ఉన్నవాళ్ల విషయంలో లాభం అంత ఖాయంగా చెప్పలేమని వివరణలో ఒప్పుకుంది. ఆ B మొత్తం సిఫారసుకు వేసిన గ్రేడు. మీ ఎదురుగా కూర్చున్న మనిషికి వేసింది కాదు.

ఇంకో సంగతి. అదే గైడ్‌లైన్‌లో ఈ లక్ష్యం కంటే గట్టి గ్రేడు ఉన్న సిఫారసు ఒకటుంది: బీపీ ఎలా కొలవాలనేది. దానికి 1B. ఐదు నిమిషాలు మాటల్లేకుండా, వీపు ఆనించి, చెయ్యి బల్ల మీద పెట్టి కూర్చోవాలి. ఒకటికి రెండుసార్లు చూసి సగటు తీయాలి. స్ప్రింట్‌లో 120 అన్నది ఇలా కొలిచిన 120. మన సిస్టర్ చూసిన 138 బస్సు దిగి, మెట్లెక్కి, టీ తాగి వచ్చిన మనిషిది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

కాబట్టి ఆయన్ను కూర్చోబెట్టి మళ్లీ చూశాం. సగటు 129.

"బేరన్ల దగ్గర ఎండలో, సెగలో ఉంటావు కదా పెద్దాయనా, పైకి లేచినప్పుడు కళ్లు తిరుగుతున్నాయా?" అని అడిగితే, "అప్పుడప్పుడు తిరుగుతాయి సార్" అన్నాడు. నిలబెట్టి కూడా బీపీ చూశాం. గ్రేడు 2 కాబట్టే ఈ ప్రశ్నకు చోటుంది.

మాత్ర కలపలేదు. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షకు రాశాం. అది ఎక్కువ తేలితే ఏసీఈ ఇన్హిబిటర్ లేదా ఏఆర్‌బీ రకం బీపీ మాత్ర గురించి చూడాల్సిన సిఫారసు వేరే ఉంది. దాని పక్కన ఉన్నది 1B.