గ్లాసు పక్కన పడ్డ టీ

ఫణి: ఈవారం విషయం, సైన్స్ ఫిక్షన్‌లో కథ ఆపి క్లాసు పీకకుండా సమాచారం ఎలా చెప్పాలన్నది.

సుజాత: అంటే కథలో అందరికీ పాఠం చెప్పే ప్రొఫెసర్‌గారు మళ్లీ వచ్చారన్నమాట.

ఫణి: ఆయన్ని ఇవాళైనా వదిలెయ్యవే.

సుజాత: వదలను. "నీకు తెలిసిందే కదా, స్పేస్ స్టేషన్ తిరగడం వల్లే మనకి బరువు" అంటాడు. వినేవాడు పదేళ్లుగా అక్కడే కాపురం!

ఫణి: అందుకే, ఆ ముక్క వినేవాడికి ఇప్పుడెందుకు కావాలో చూసుకోవాలి. గొడవలోనో బేరంలోనో అవసరపడితేనే నోట్లోంచి రావాలి. లేదంటే పనిలో చూపించాలి. నా కథలో స్టేషన్ తీసుకో...

సుజాత: వచ్చేసింది టీ సీను.

ఫణి: విను. వ్యాసార్థం 56 మీటర్లు, 15 సెకన్లకో చుట్టు. నేల మీద నిలబడితే భూమ్మీద ఉన్నంత బరువు. కొత్తగా వచ్చిన కుర్రాడు మీటరు ఎత్తు నుంచి టీ పోస్తాడు. గ్లాసులో పడదు.

సుజాత: పోయినసారి 'జానెడు పక్కకి' అన్నావు. లెక్కేశావా?

ఫణి: వేశా. దాదాపు 13 సెంటీమీటర్లు, స్టేషన్ తిరిగే దిక్కుకి వెనకవైపు. నేల కన్నా కుర్రాడి చెయ్యి ఇరుసుకి దగ్గర కాబట్టి దాని వేగం తక్కువ. టీ ఆ వేగంతోనే బయల్దేరుతుంది, నేల ముందుకెళ్లిపోతుంది.

సుజాత: ఇదిగో, ప్రొఫెసర్ నువ్వే అయ్యావు! ఇది కథలో ఎవరు చెబుతారు?

ఫణి: ఎవరూ చెప్పరు. క్యాంటీన్ ఆవిడ తలెత్తకుండానే గ్లాసు పక్కకి జరుపుతుంది.

సుజాత: ఒప్పుకోను. చదివేవాడు కుర్రాడి చెయ్యి వణికిందనుకుంటాడు.

ఫణి: రెండోసారి కూడా అదే వైపు పడితే?

సుజాత: వింతగా ఉందనుకుంటాడు తప్ప స్టేషన్ తిరుగుతోందని ఎలా తెలుస్తుంది? ఆవిడ చేత తిట్టించు. "తిరిగే చోట ఎత్తి పోస్తావేంట్రా? గ్లాసు దగ్గరికి దించు!" తిట్టు కాబట్టి పాఠంలా ఉండదు. జానెడు ఎత్తు నుంచైతే సెంటీమీటరే తేడా, గ్లాసులోనే పడుతుంది కూడా.

ఫణి: అక్కడే పుట్టి పెరిగినావిడ 'తిరిగే చోట' అంటుందా?

సుజాత: పాతవాడితో అనదు, కొత్తవాడితో అంటుంది. నీ కుర్రాణ్ణి పాతకాపు చేస్తే మాత్రం ఆ తిట్టు చచ్చిపోతుంది.

ఫణి: ...సరే. అది బావుంది. అయినా ఆ టీ ఊరికే కాదు. ఇరవై పేజీల తర్వాత వాడు నాలుగు మీటర్ల నిచ్చెన మీదుంటాడు. చేతిలో స్పానర్, కింద తుపాకీ పట్టుకున్నవాడు.

సుజాత: నేరుగా కిందేనా?

ఫణి: కాదు. వెనకవైపు, అర మీటరు దూరంలో. కుర్రాడు విసరడు. చెయ్యి వదిలేస్తాడంతే.

సుజాత: ఓహ్! అక్కడ ఒక్క వాక్యం వివరణ రాసినా చంపేస్తాను.

ఫణి: రాయను. ఎంత పక్కకి పడుతుందో మాత్రం...

సుజాత: వద్దు!

ఫణి: వాడి భుజం ఎత్తుకొచ్చేసరికి అర మీటరుకి అటూఇటూగా. అంటే భుజానికి తగలాలా, తలకా?

సుజాత: తలకి తగిలితే పోతాడు. నీకు వాడు తర్వాత కావాలా?

ఫణి: కావాలి. అంగారకుడి సిగ్నల్ సీనులో.

సుజాత: టైమైపోయింది, ఆపెయ్.